బోరు మోటారు కాటలాగులు పక్కపక్కన పెడితే

కొత్త బోరు వేయించాక డీలరు దగ్గరికి వెళ్తే చేతిలో రెండు మూడు కాటలాగులు పెడతాడు. అన్నీ ఐదు హార్స్ పవర్ సబ్‌మెర్సిబుల్ మోటార్లే, అన్నీ ఆరంగుళాల బోరులో దిగేవే. ధరల తేడా వెంటనే కనిపిస్తుంది. ఏది ఎన్ని నీళ్లు పోస్తుందో మాత్రం అంత సులువుగా తేలదు. ఒకాయన హెడ్ అడుగుల్లో రాస్తాడు, ఇంకొకాయన మీటర్లలో. నీళ్లు ఒకచోట నిమిషానికి లీటర్లలో ఉంటే ఇంకోచోట గంటకు ఘనపు మీటర్లలో ఉంటాయి. కొన్ని సంగతులు అసలు ఉండవు. ఈ లేనివాటిని ఎలా రాసుకోవాలన్న దగ్గరే పోలిక నిలబడడమో చెడడమో జరుగుతుంది.

కాటలాగు తెరవకముందే తేల్చుకోవాల్సింది మన బోరు సంగతి. బోరు 300 అడుగులు కాబట్టి 300 అడుగుల హెడ్ కావాలని చాలామంది లెక్క వేస్తారు. హెడ్‌కు బోరు లోతుతో పనిలేదు. మోటారు నడుస్తున్నప్పుడు నీటిమట్టం ఎక్కడికి దిగి నిలబడుతుందో అక్కడి నుంచి కొలవాలి. మన బోరులో అది 165 అడుగులు, అంటే 50 మీటర్ల దగ్గర ఆగుతోందనుకుందాం. పైన తొట్టి ఎత్తు, పైపులో రాపిడి కలిపి ఇంకో 10 మీటర్లు వేసుకుంటే 60 మీటర్లయింది. ఇక ప్రతి కాటలాగునూ ఒకటే అడగాలి: 60 మీటర్ల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు?

కంపెనీల పేర్లతో పనిలేదు కాబట్టి అ, ఆ, ఇ అందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. కాటలాగులు రాసే తీరు మాత్రం ఇదే.

‘అ’ కాటలాగులో హెడ్‌కూ డిశ్చార్జికీ వరసగా పట్టిక ఉంది. 54 మీటర్ల దగ్గర 225 లీటర్లు, 63 మీటర్ల దగ్గర 185 లీటర్లు. 60 అన్న గడి లేదు. 9 మీటర్లు పెరిగితే 40 లీటర్లు తగ్గాయి కనుక, 6 మీటర్లకు సుమారు 27 తగ్గుతాయి. 198 వస్తుంది. పక్కపక్కనున్న రెండు బిందువుల మధ్య ఇలా లెక్క కట్టడంలో తప్పు లేదు. కాకపోతే కంపెనీ ఇచ్చిన అంకె అది కాదు గనుక పక్కన ‘లెక్క’ అని రాసుకోవాలి.

‘ఇ’ కాటలాగు ఒకే బిందువు ఇచ్చింది: 60 మీటర్లు, గంటకు 12 ఘనపు మీటర్లు. 12 ఘనపు మీటర్లంటే 12,000 లీటర్లు, అరవైతో భాగిస్తే నిమిషానికి 200. ఇది వట్టి కొలమానం మార్పు. అయినా మూలంలో ఉన్న అంకెను ఎక్కడైనా రాసి పెట్టుకుంటే, రేపు అనుమానం వస్తే సరిచూసుకోవచ్చు.

చిక్కంతా ‘ఆ’తోనే. దాని మీద ‘హెడ్ 330 అడుగుల వరకు, డిశ్చార్జి 320 లీటర్ల వరకు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. చూడగానే అన్నిటికంటే ఇదే మేలనిపిస్తుంది. ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. నిమిషానికి లీటర్లను మీటర్లతో గుణించి 6,120తో భాగిస్తే, ఆ నీళ్లను అంత ఎత్తుకు ఎత్తడానికి ఎన్ని కిలోవాట్లు కావాలో వస్తుంది. 330 అడుగులంటే సుమారు 100 మీటర్లు. 320ని వందతో గుణించి భాగిస్తే 5.2 కిలోవాట్లు. ఐదు హార్స్ పవర్ మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేదే 3.7. కాబట్టి ఆ రెండు అంకెలూ ఒకేసారి నిజం కాలేవు. హెడ్ పెరిగేకొద్దీ డిశ్చార్జి తగ్గుతుంది, రెండిటి గరిష్ఠాలూ వేర్వేరు చివర్లలో ఉంటాయి. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఆ సంగతి దొరికింది కూడా: 20 మీటర్ల దగ్గర 320, 100 మీటర్ల దగ్గర 70.

60 సరిగ్గా ఆ రెండిటి నడుమ ఉంది కదా, 320, 70 కలిపి సగం చేసి 195 వేసేద్దామని చెయ్యి లాగుతుంది. వేయకూడదు. పంపు గీత తిన్నగా ఉండదు, మొదట్లో నెమ్మదిగా వాలి తర్వాత జారుతుంది. 9 మీటర్ల ఎడంలో పనికొచ్చిన లెక్క 80 మీటర్ల ఎడంలో పనికిరాదు. ఆ గడిలో రాయాల్సింది ‘ఇవ్వలేదు’ అనే.

గడి ఖాళీగా వదిలినా చిక్కే. అడగడం మరిచామో, కాటలాగులో లేదో, ఆ యంత్రానికి అది వర్తించదో వారం తర్వాత మనకే గుర్తుండదు. సున్నా వేస్తే ఇంకా ప్రమాదం, కంప్యూటరులో సగటు తీసినప్పుడు అదీ ఒక అంకెగా కలిసిపోతుంది. అందుకే లేనిదాన్ని మాటల్లోనే రాయాలి.

| అంశం | అ | ఆ | ఇ |
|---|---|---|---|
| 60 మీటర్ల దగ్గర నిమిషానికి లీటర్లు | 198 (లెక్క) | ఇవ్వలేదు | 200 |
| పనిచేసే వోల్టేజి | 350–440 | మాట ఉంది, అంకె లేదు | 300–440 |
| మొత్తం సామర్థ్యం | ఇవ్వలేదు | ఇవ్వలేదు | 41 శాతం |
| గ్యారంటీ | కొన్న తేదీ నుంచి 12 నెలలు | 18 నెలలు, ఎప్పటినుంచో స్పష్టం కాదు | కొన్న తేదీ నుంచి 12 నెలలు |

వోల్టేజి వరసలో ‘ఆ’ గడి చూడండి. ఆ కాటలాగులో ‘లో వోల్టేజిలోనూ నడుస్తుంది’ అని ఉంది. దాన్ని ‘ఇవ్వలేదు’ అంటే అన్యాయం, ‘ఉంది’ అని టిక్కు పెడితే మోసపోతాం. ఎంత లో వోల్టేజి? గ్యారంటీ గడిది కూడా ఇదే తంతు. 18 నెలలు కొన్న రోజు నుంచా, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు నుంచా? డీలరు గోదాములో ఏడాది పడుకున్న మోటారైతే ఆ 18 నెలలూ ఆరు నెలలవుతాయి.

సామర్థ్యం వరస మనవైపు ఎవరూ పట్టించుకోరు. వ్యవసాయానికి కరెంటు ఉచితం, బిల్లు రాదు. అయినా అంతే నీళ్లకు ఎక్కువ కరెంటు లాగే మోటారులో వైండింగు వేడెక్కుతుంది, ఊరంతా ఒకేసారి స్టార్టర్లు నొక్కినప్పుడు ట్రాన్స్‌ఫార్మరు మీద భారమూ పెరుగుతుంది. నేనైతే ఆ వరస తీసేయను.

పట్టిక ఇక్కడికి వచ్చాక డీలరును అడగాల్సినవి వాటంతటవే బయటపడతాయి. ‘మీ మోటారు మంచిదేనా’ అనడిగితే మంచిదనే అంటాడు. ‘60 మీటర్ల దగ్గర ఎన్ని లీటర్లు, 415 వోల్టుల దగ్గర కొలిచిన గీత ఉంటే పంపండి’ అంటే కంపెనీని అడగక తప్పదు. మన ఉదాహరణలో ‘ఆ’ కంపెనీ గీత పంపిందనుకుందాం. 60 మీటర్ల దగ్గర 215 లీటర్లు. లెక్క పెడితే 2.1 కిలోవాట్లు, 3.7లో ఇముడుతుంది, నమ్మవచ్చు. సగం చేసి 195 వేసుకుని ఉంటే చివర నిలిచేది, ఇప్పుడు ముందు నిలిచింది. గడిలో ‘ఇవ్వలేదు’ కొట్టేసి 215 రాసి, పక్కన ‘అడిగితే చెప్పింది’ అని తేదీ వేయాలి. అచ్చేసిన మాటకూ అడిగితే చెప్పిన మాటకూ బరువు ఒకటి కాదు.

వోల్టేజి అంకె మాత్రం ఆ కంపెనీ చెప్పలేదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరున్న పొలమైతే 215 లీటర్ల ‘ఆ’నే దించుకోవచ్చు. లైను చివరన ఉండి సాయంత్రానికి 320 వోల్టులకు పడిపోయే పొలమైతే, ఆ 15 లీటర్లు పోయినా ‘ఇ’ వైపే మొగ్గాలి. ‘అ’ అక్కడ 350 దగ్గరే ఆగిపోతుంది, ‘ఆ’ ఎక్కడ ఆగుతుందో ఎవరూ రాసివ్వలేదు.