‘బాగుంది’ అని రాస్తే రేపు ఏం చెబుతాం?

బళ్లారి సరిహద్దు పల్లెలోని ఒక తెలుగు మాధ్యమ బడిలో నాలుగో తరగతికి ఉపాధ్యాయ పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఇంటర్వ్యూ కమిటీలో మేము కూర్చున్నాం. ఎంపిక ముగిసి ఆరు నెలలయ్యాక, ఎంపిక కాని ఒకరు తమను ఎందుకు కాదన్నారో చెప్పమని ఉత్తరం రాశారు. ఫైలు తీసి చూస్తే ఆయన కాగితం మీద ఉన్నవి మూడే మాటలు: ‘పర్వాలేదు’, ‘నెమ్మది’, ‘ధైర్యం తక్కువ’. ఎంపికైన వారి కాగితం మీద ‘చాలా బాగుంది’ అని ఉంది. అయితే ఏది బాగుంది, ఎవరికి ధైర్యం తక్కువ, ఏ ప్రశ్న దగ్గర తక్కువ? మాలో ఒక్కరికీ గుర్తు లేదు. ఆ ఎంపిక తప్పని మేము ఇప్పటికీ అనడం లేదు. తప్పు కాదని చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు, అంతే.

కర్ణాటకలో తెలుగు వారు భాషా మైనారిటీ. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మన సంస్థల్ని మనమే నడుపుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చింది. నిర్ణీత అర్హతలున్న వారిలోంచి మనకు నచ్చిన ఉపాధ్యాయుణ్ణి ఎంచుకోవడం అందులో భాగమే. అయితే ‘నచ్చిన’ అన్న మాట దగ్గరే చిక్కు ఉంది. నచ్చడానికి కారణం కాగితం మీద లేకపోతే, ఊళ్లో వాళ్లు కారణాన్ని తామే రాసుకుంటారు: బంధువు, కులం, డబ్బు.

ఈ చిక్కు కోర్టుకెక్కిన ఉదాహరణ 1980లో తీర్పు వచ్చిన అజయ్ హాసియా కేసు. అది ఉద్యోగం గురించి కాదు, శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రవేశాల గురించి. రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాలే కూర్చోబెట్టి, తల్లిదండ్రులెవరు, ఊరేది లాంటి ప్రశ్నలు అడిగారని ఫిర్యాదు. ఇంటర్వ్యూకు అన్ని మార్కులు పెట్టడాన్ని కోర్టు తప్పుపట్టింది. ఇంటర్వ్యూను టేపు రికార్డు చేస్తే ఏం అడిగారో, ఏం జవాబిచ్చారో అప్పటికప్పటి సాక్ష్యంగా ఉంటుందని, చాలా వివాదాలు పుట్టకుండా పోతాయని కూడా సూచించింది. మనం రాసుకునే కాగితం కూడా ఆ టేపు చేసే పనే చెయ్యాలి. ‘బాగుంది’ అన్న మాట ఆ పని చెయ్యదు.

తర్వాతి ఏడు మళ్లీ ఒక ఖాళీ వచ్చింది. ఈసారి ప్రకటన ఇవ్వకముందే కమిటీ సమావేశం పెట్టి, మార్కుల పంపకం మినిట్స్‌లో రాసి, తేదీ వేసి సంతకాలు చేశాం. ముగ్గురు సభ్యులం, ఒక్కొక్కరి చేతిలో 20 మార్కులు. పిల్లల ముందు పది నిమిషాల పాఠానికి 10, తెలుగు, కన్నడ వాడకానికి 5, ఒక తరగతి సమస్యకు జవాబుకు 5. సమస్య అందరికీ ఒకటే: ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లవాడికి నాలుగో తరగతికి వచ్చినా తెలుగు అక్షరాలు రావు, మొదటి నెల ఏం చేస్తారు?

అభ్యర్థికొక కాగితం. ఎడమవైపు అడిగిన ప్రశ్న, మధ్యలో వెడల్పాటి జాగాలో అభ్యర్థి అన్నదీ చేసినదీ, కుడి అంచున మార్కు. ఒకరు అడుగుతుంటే మరొకరు రాయాలి. అడిగేవారే రాస్తే వినడం సగమవుతుంది. అభ్యర్థి బయటికి వెళ్లగానే, మాలో మేము మాట్లాడుకోకముందే, ఎవరి మార్కు వారు వేశాం. సాయంత్రం టీ తాగాక వేసిన మార్కులు జ్ఞాపకానికి వేసినవే అవుతాయి.

చివరికి ఇద్దరు మిగిలారు. మొదటి ఆవిడ భిన్నాల పాఠం చెప్పారు. కాగితం మీద మేము రాసుకున్నది ఇది: ‘బోర్డు మీద జొన్నరొట్టె గీశారు. 1/3, 1/4లో ఏది పెద్దదని అడిగారు. ఒక పిల్లవాడు 1/4 అన్నాడు. తప్పు అనలేదు, వాడి చేతే ఒక రొట్టెను మూడు ముక్కలు, ఇంకోదాన్ని నాలుగు ముక్కలు చేయించారు. వాడే సరిచేసుకున్నాడు. భిన్నం అనాల్సిన చోట మూడుసార్లు కన్నడంలో భిన్నరాశి అన్నారు, తర్వాత తామే సర్దుకున్నారు.’ ఇందులో మెచ్చుకోలు లేదు, విసుగూ లేదు. మార్కు ఎంతన్నది చదివినవారే ఊహించగలరు.

పాఠానికి మేం వేసిన మార్కులు 8, 7, 4. ఆ 4 వేసిన సభ్యుడు వెనక బెంచీ దగ్గర కూర్చున్నాడు. చివరి ఇద్దరు పిల్లలు పలక ముట్టలేదని, ఆవిడ అక్కడిదాకా రాలేదని ఆయన కాగితంలో ఉంది. ముందు కూర్చున్న మాకు అది కనబడలేదు. చర్చ తర్వాత 8 వేసినవారు 7 చేశారు, 4 వేసినవారు 5 చేశారు. పాత అంకెను తుడవలేదు. ఒక గీత కొట్టి, పక్కన కారణం, పొడి సంతకం పెట్టారు. మొత్తం 19. భాషకు 10, సమస్యకు 11. అంతా కలిపి 60కి 40.

రెండో ఆయన తెలుగు వింటే ముచ్చటేసింది. పాత పద్ధతైతే ‘చాలా బాగుంది’ ఆయన కాగితం మీదికే వెళ్లేది. రాసుకున్నది చూస్తే మాత్రం: ‘అర్థమైందా అని ఐదుసార్లు అడిగారు, పిల్లలంతా అయింది అన్నారు. ఏ పిల్లవాడి చేతా లెక్క చేయించలేదు.’ పాఠానికి 13, భాషకు నిండుగా 15, సమస్యకు 9. మొత్తం 37.

ఇలా రాసినా కొన్ని పొరపాట్లు దొర్లుతాయి. ఫైలు తిరగేస్తే అవి తెలిసిపోతాయి. ఎంపికైనవారి కాగితం నిండుగా, మిగతావారివి ఖాళీగా ఉంటే నిర్ణయం ముందే జరిగిందని అనుమానం వస్తుంది. నిజానికి రేపు అడిగేది కాదన్నవారి కాగితాన్నే. ముగ్గురు సభ్యుల అంకెలూ ప్రతిచోటా ఒకటే ఉంటే ఒకరు చెప్పగా మిగతావారు రాశారన్నమాట. ‘యాస’, ‘పెళ్లి కుదిరింది’, ‘మనవాళ్లే’ లాంటి మాటలు ఎక్కడ కనబడినా అవి పాఠం గురించి కావు. సరిహద్దులో యాస గురించి ఎవరు ఎవరిని అనాలి?

మార్కుల పంపకాన్ని మధ్యలో మార్చకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జీల ఎంపికలో రాతకు 75, ఇంటర్వ్యూకు 25 అనుకున్నారు. ఇంటర్వ్యూలు అయిపోయాక ఇంటర్వ్యూలోనూ కనీస మార్కులు రావాలన్న షరతు చేర్చారు. మంజుశ్రీ కేసులో 2008లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

ఈసారి ఉత్తరం రాలేదు, రెండో ఆయనే స్వయంగా వచ్చారు. కాగితంలో ఉన్నది చదివి వినిపించాం. పిల్లల చేత లెక్క చేయించలేదన్న మాటకు ఎదురు చెప్పలేదు. మరో మాట అడిగారు: తెలుగు బడిలో భాషకు 20కి ఐదే మార్కులా అని. ప్రకటనకు ముందు తేదీ ఉన్న మినిట్స్ చూపించాం. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. వచ్చే నియామకానికి ఐదే ఉంచాలా, ఏడు చెయ్యాలా అన్నదాని మీద కమిటీలో ఇంకా పంచాయితీ నడుస్తోంది.