వేయించిన తేదీ లేని సంచి

ఆ రోజు పొద్దున్న మా కఫేలో మొదటి ఎస్ప్రెసో 17 సెకన్లలోనే దిగిపోయింది. మామూలుగా 27 పడుతుంది. 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ, కొలతలేవీ మారలేదు. పైన చిక్కగా నిలవాల్సిన నురగ పల్చటి తెట్టులా కట్టి, కప్పు టేబుల్ చేరేలోపే విడిపోయింది. రోజూ వచ్చే పెద్దాయన రెండు గుక్కలు తాగి, "ఏమ్మా, ఇవాళ కాఫీ చప్పగా ఉందే" అని కప్పు పక్కన పెట్టేశారు.

నేను విశాఖపట్నంలో కఫే నడుపుతున్నాను. అరకు అరబికా గింజలు వేయించి పంపే ఒక రోస్టరీ నుంచి ముందురోజు సాయంత్రమే 10 కిలోలు వచ్చాయి. వెంటనే ఫోన్ చేసి "గింజలు బాగాలేవండీ" అనొచ్చు. కానీ దానికి "మీ గ్రైండర్ ఒకసారి చూసుకోండమ్మా" అనే జవాబు వస్తుంది. అది న్యాయమైన మాటే. పొడి ముతకగా పడినా, మిషన్ వేడి తగ్గినా కాఫీ ఇలాగే పాడవుతుంది. అందుకే ఫిర్యాదు రాసేముందు తప్పు నాది కాదని నేనే తేల్చుకోవాలి.

అదృష్టంకొద్దీ పాత సంచిలో పావుకిలో గింజలు మిగిలాయి. అదే గ్రైండర్, అదే అమరిక, అదే నీళ్లు. పాత గింజలు 27 సెకన్లు, కొత్తవి 17. మూడుసార్లు చేసినా తేడా అలాగే ఉంది. కొత్త గింజల్ని ఇంకా మెత్తగా ఆడించి చూశాను. సమయం 25కి వచ్చింది కానీ రుచి రాలేదు. చేదు పెరిగింది, దాని వెనక తడిసిన అట్టముక్క రుచి. ఇక తప్పు గింజల్లోనే ఉంది.

గింజ పాతబడటమంటే ఏమిటో కాస్త చెప్పాలి. వేయించేటప్పుడు కాఫీ గింజ లోపల కార్బన్ డయాక్సైడ్ పుట్టి అందులోనే చిక్కుకుంటుంది. తర్వాత రోజులు, వారాల తరబడి మెల్లగా బయటికొస్తుంది. ఎస్ప్రెసో మీద నురగ కట్టేది ఈ వాయువు వల్లే. పొడిలోంచి నీళ్లు పారే వేగాన్ని కొంత అడ్డుకునేదీ ఇదే. అది పోయాక గాలిలోని ఆక్సిజన్ గింజలోని నూనెల్ని పాడుచేస్తుంది. డబ్బా అడుగున ఎప్పటివో జంతికలు మిగిలిపోతే వచ్చే వాసన ఉంటుందే, ఆ సంచి విప్పగానే నాకు వచ్చింది అదే.

ఇది ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు. 15 గ్రాముల పొడి మీద మరిగి దించిన నీళ్లు 45 గ్రాములు పోయండి. తాజా పొడి బుడగలతో గుమ్మటంలా పొంగుతుంది. నా కొత్త పొడి బురదలా నానిందే తప్ప పొంగలేదు. అయితే ఈ పరీక్ష గింజల వయసు రోజుల్లో చెప్పదు. ముదురుగా వేయించినవి లేతగా వేయించినవాటికన్నా త్వరగా వాయువు కోల్పోతాయి. సంచి మీద చూస్తే ప్యాకింగ్ తేదీ ఆరు రోజుల కిందటిది. వేయించిన తేదీ మాత్రం ఎక్కడా లేదు.

రెండో లోపం కంటికే కనపడింది. తెల్ల పళ్లెంలో 100 గ్రాముల గింజలు పోసి, రంగును బట్టి మూడు కుప్పలు చేశాను. సమంగా వేగినవి 70 గ్రాములు, పాలిపోయినవి 9, మాడినవి 21. ఈ రెండు చెడ్డ కుప్పల కారణాలు వేర్వేరు. పాలిపోయినవి చాలావరకు పండకముందే కోసిన కాయల గింజలు. వాటిలో చక్కెర తక్కువ, ఎంతసేపు వేయించినా రంగు తిరగవు. వాటిని వేయించి బాగుచేయలేం, వేయించాక ఏరి పారేయాలి. మాడినవాటి సంగతి వేరు. కొసలు నల్లబడ్డాయి, ఒక పక్క మచ్చలు పడ్డాయి, విరిస్తే లోపల మాత్రం లేతరంగు. వేరుశనగ గుళ్లు కాగిన మూకుట్లో పెద్దమంట మీద వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. డ్రమ్ము అతిగా కాగి ఉన్నప్పుడు కాఫీ గింజకూ అదే గతి.

రంగు తేడా ప్రతిసారీ తప్పు కాదు. అరబికా, రొబస్టా విడిగా వేయించి కలిపినా, కాయతోనే ఎండబెట్టిన గింజలైనా కొంత తేడా సహజం. నేను తెప్పించింది కడిగి ఆరబెట్టిన అరబికా ఒక్కటే. ఆ మాట కూడా లేఖలో ఉండాలనుకున్నాను. ఆ సాయంత్రమే రాసి పంపిన లేఖ ఇది.

"అయ్యా, నమస్కారం. నిన్న సాయంత్రం మీ దగ్గర్నుంచి కిలో సంచులు 10 అందాయి. అన్నిటి మీదా ఒకే బ్యాచ్ నంబరు, ఒకే ప్యాకింగ్ తేదీ ఉన్నాయి. వేయించిన తేదీ లేదు. రెండు సంచులు విప్పాను, ఎనిమిది సీలుతోనే ఉంచాను. ఒకే గ్రైండర్ అమరికలో మీ కిందటి సరుకు 27 సెకన్లు పట్టగా ఇది 17 సెకన్లలో దిగింది. వేడినీళ్లు పోస్తే పొడి పొంగలేదు, పాత నూనె వాసన వస్తోంది. విప్పిన రెండు సంచుల్లోనూ ఇంతే. ఒక సంచిలోంచి 100 గ్రాములు ఏరితే 21 గ్రాములు మాడినవి, 9 గ్రాములు పాలిపోయినవి వచ్చాయి. ఫోటోలు జతచేశాను. ఇది కడిగి ఆరబెట్టిన అరబికా మాత్రమే కనుక ఇంత తేడా ఉండకూడదని నా అభిప్రాయం. ఈ బ్యాచ్ మీ దగ్గర దాచి ఉంటే దయచేసి మీరూ ఇలాగే చూడండి. నాకు కావలసినవి మూడు: ఈ బ్యాచ్ వేయించిన తేదీ, 10 కిలోలకూ మారుగా తాజా సరుకు లేదా డబ్బు వాపసు, ఇకముందు ప్రతి సంచి మీదా వేయించిన తేదీ. సీలు విప్పని సంచులు మీ మనిషి వచ్చేదాకా భద్రంగా ఉంచుతాను."

ఇందులో "పాత సరుకు అంటగట్టారు" అని ఎక్కడా రాయలేదు. ఆయన ఉద్దేశం నాకు తెలియదు. నాకు తెలిసింది గడియారం, తక్కెడ చెప్పినంతే. ఆ పరీక్షలన్నీ ఆయన తన షాపులో తిరిగి చేసుకోగలిగినవి. ఆలస్యం చేయకపోవడానికీ కారణముంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, కొన్నవాళ్లు తిరస్కరిస్తున్నామని చెప్పకుండా సహేతుకమైన గడువు దాటేదాకా సరుకు ఉంచుకుంటే అంగీకరించినట్టే లెక్క. పైగా పది రోజులు ఆగితే ఆ గింజలు నా అలమారాలోనే పాతబడ్డాయని ఎవరైనా అనొచ్చు.

మూడోరోజు రోస్టర్ గారే ఫోన్ చేశారు. తన దగ్గర దాచిన నమూనా ఏరి చూసుకున్నారట. పదకొండు వారాల కిందట ఒక పెద్ద ఆర్డరు వేయిస్తుంటే చివర్లో సగం వాయికి సరిపడా పచ్చిగింజలే మిగిలాయట. నిండు వాయి కోసం కాచిన డ్రమ్ములోనే వాటినీ పోశారు. అక్కడ మాడాయి. ఏరకుండా డబ్బాల్లో పోసి ఉంచి, నా ఆర్డరు రాగానే ప్యాక్ చేశారు. అంటే నేను రెండుగా రాసిన లోపాలు ఆ ఒక్క సగం వాయి దగ్గరే కలిశాయి. "ప్యాకింగ్ తేదీ ఉంది కదా, చాలనుకున్నానమ్మా" అన్నారు.

వారం తర్వాత కొత్త సంచులు వచ్చాయి. ఒక్కోదాని మీద పెన్నుతో రాసిన తేదీ ఉంది: వేయించి ఐదు రోజులు. ఆ పూట 100 గ్రాములు పళ్లెంలో పోస్తే పాలిపోయిన గింజలు రెండు కనపడ్డాయి, మాడినది ఒక్కటీ లేదు. ఎస్ప్రెసో 28 సెకన్లు పట్టింది. ఆ పళ్లెం ఇప్పుడు గ్రైండర్ పక్కనే ఉంటుంది. సరుకు దిగిన ప్రతిసారీ, బిల్లు మీద సంతకం పెట్టేముందు, దానిలో ఒక గుప్పెడు గింజలు పడతాయి.