తీర్పు చెప్పని కోర్టు సినిమా

మన సినిమా కోర్టుల్లో సాక్షి బోనులో నిలబడి ఏడుస్తాడు, వకీలు గొంతు పెంచుతాడు, జడ్జి సుత్తి కొడతాడు. నిజానికి మన జడ్జీల బల్ల మీద సుత్తి ఉండదు. సెషన్స్ కోర్టులో కూర్చున్నవాళ్లకు ఎక్కువగా వినిపించేది జడ్జి టైపిస్టుకు చెప్పే డిక్టేషన్. ఆ చప్పుడును తెరమీద యథాతథంగా వినిపించిన సినిమా ‘కోర్ట్’. చైతన్య తమ్హానే తీసిన ఈ మరాఠీ చిత్రం 2014లో వెనిస్ చిత్రోత్సవంలో బహుమతులు అందుకుంది, ఆ ఏటి జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. లా విద్యార్థి ఒక్క కోర్టు సినిమానే చూడాలనుకుంటే ఇదే చూడాలి.

కథ ముంబైలో జరుగుతుంది. నారాయణ్ కాంబ్లే అనే వృద్ధ దళిత గాయకుడు బస్తీలో పాడిన పాట విని, వాసుదేవ్ పవార్ అనే మ్యాన్‌హోల్ కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడన్నది పోలీసుల ఆరోపణ. ఐపీసీ 306 కింద కేసు. ఇప్పుడదే నేరం భారతీయ న్యాయ సంహితలో 108వ సెక్షన్.

ఇక్కడ సినిమా ఆపి, కాగితం తీసుకుని కూర్చోవడం మంచిది. 306 నిలబడాలంటే రెండు విషయాలు రుజువు కావాలి. మొదటిది, చనిపోయిన మనిషి ఆత్మహత్యే చేసుకున్నాడని. రెండోది, ముద్దాయి అతణ్ని అందుకు పురికొల్పాడనో, కుట్ర చేశాడనో, కావాలని సాయపడ్డాడనో. పాట అభ్యంతరకరంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ పాటకూ ఈ చావుకూ లంకె కనిపించాలి.

ఆ లంకె ఎలా తెగిపోతుందో వాసుదేవ్ భార్య సాక్ష్యంలో చూడవచ్చు. డిఫెన్సు వకీలు వినయ్ వోరా ఆమెను గద్దించడు. చిన్న చిన్న ప్రశ్నలు వేస్తాడు. భర్త ఎలా పనిచేసేవాడు? రక్షణ పరికరాలు ఇచ్చేవారా? ఇవ్వలేదని ఆమె చెబుతుంది. కంపు భరించలేక తాగి దిగేవాడు. మ్యాన్‌హోల్‌లోంచి బొద్దింక బయటికి వస్తే లోపల గాలి ఉన్నట్టు లెక్క. విషవాయువు వల్ల ఒక కన్ను పోయింది. ఆమె ఇవన్నీ రోజువారీ సంగతుల్లా చెబుతూ పోతుంటే, ఇది ఆత్మహత్య అన్న మొదటి మెట్టే కూలిపోతుంది. మంచి క్రాస్ ఎగ్జామినేషన్ అంటే సాక్షిని ఏడిపించడం కాదని ఇంత స్పష్టంగా చూపిన సన్నివేశం మన సినిమాల్లో అరుదు.

ఆమె చెప్పింది చెప్పినట్టుగా రికార్డులోకి ఎక్కదు. జడ్జి సదావర్తే విని, తన మాటల్లో కుదించి టైపిస్టుకు చెబుతాడు. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని సాధారణంగా ప్రశ్నోత్తరాలుగా కాక కథనంగా రాసుకోవడం మన పద్ధతే. పైకోర్టు చదివేది ఆ కాగితాన్నే. అందుకే సాక్షి మాటకూ డిక్టేషన్‌కూ ఎక్కడ తేడా వస్తోందో చెవి ఒగ్గి వినాలి. తేడా పట్టుకుని అక్కడికక్కడే అభ్యంతరం చెప్పడం వకీలు పనుల్లో ముఖ్యమైనది.

పోలీసులు తెచ్చిన ప్రత్యక్ష సాక్షి సంగతి మరొకటి. అతను అదే దర్యాప్తు అధికారి కోసం వేరే కేసుల్లోనూ సాక్షిగా వచ్చినవాడని క్రాస్‌లో బయటపడుతుంది. ఇలాంటివాళ్లను కోర్టుల్లో ‘స్టాక్ విట్‌నెస్’ అంటారు. చార్జిషీటు చేతికి రాగానే సాక్షుల పేర్లు పాత కేసుల్లో కనిపిస్తున్నాయేమో చూడాలన్న పాఠం ఏ సెక్షన్‌లోనూ ఉండదు.

బెయిలు మీద బయటికొచ్చిన కాంబ్లేను పోలీసులు మళ్లీ పట్టుకుంటారు, ఈసారి ఉపా చట్టం కింద. దాన్లోని 43డి(5) ప్రకారం ఆరోపణ పైకి నిజమనిపిస్తే కోర్టు బెయిలు ఇవ్వకూడదు. మొదటి కేసు ఎంత బలహీనమైనదైనా రెండోది మనిషిని లోపలే ఉంచుతుంది. పైగా వేసవి సెలవులు ముంచుకొస్తాయి. సినిమా తీర్పు చెప్పకుండానే ముగుస్తుంది. చాలామంది ప్రేక్షకులకు అది అసంతృప్తి కావచ్చు. కానీ విచారణ ఖైదీకి వాయిదాయే శిక్ష అవుతుందన్న నిజానికి అంతకంటే నిజాయితీగల ముగింపు లేదు.

లోపం లేదని కాదు. చార్జిషీటుకూ సాక్ష్యాల నమోదుకూ మధ్య నిజంగా గడిచిపోయే నెలలు, సంవత్సరాలు తెరమీద కుదించుకుపోయాయి.

దీని తర్వాత తెలుగులో 2025లో వచ్చిన ‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’ చూడవచ్చు. 2013 నాటి విశాఖలో పోక్సో కేసులో ఇరుక్కున్న కుర్రాడి కథ అది. నాటకీయత పాలు ఎక్కువ. వాదనలు వింటూ పోక్సో చట్టాన్ని పక్కన పెట్టుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి సమ్మతి ఆ చట్టం ముందు చెల్లదన్నది గుర్తుంచుకుని, వకీలు గెలుపు ఎంతవరకు సాక్ష్యం మీద నిలబడిందో, ఎంతవరకు ఉపన్యాసం మీద నిలబడిందో మీరే తేల్చండి.