ఇంటర్వ్యూ అయిన సాయంత్రం రాసే మెయిల్

ఇంటర్వ్యూ అయ్యాక "థాంక్యూ సర్" అని గది బయటికి వచ్చేస్తే మన దగ్గర అక్కడితో పని అయిపోయినట్టే. ఇక హెచ్‌ఆర్ నుంచి ఫోన్ కోసం ఎదురుచూడటమే. అమెరికాలో మాత్రం ఆ రోజో మర్నాడో ధన్యవాదాలు చెబుతూ నాలుగు ముక్కలు రాసి పంపడం పాత అలవాటు. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకు యూనివర్సిటీ కెరీర్ సెంటర్లలోనే ఈ సంగతి చెబుతారు.

అయితే ఇలా వెళ్లే మెయిళ్లలో చాలావాటికి కంపెనీ పేరు మార్చి ఎక్కడికైనా పంపేయొచ్చు. మీ సమయానికి ధన్యవాదాలు, మీ సంస్థలో పనిచేయాలని ఎంతో ఆసక్తిగా ఉంది... చదివినవాళ్లకు ఆ మనిషి గురించి కొత్తగా ఏమీ తెలియదు. ఇంటర్వ్యూలో టీమ్ చెప్పుకున్న ఒక ఇబ్బందిని గుర్తుపెట్టుకుని, దానికి చేయదగిన చిన్న పని ఒకటి సూచించే మెయిల్ మాత్రం వేరేగా ఉంటుంది. రాయడమూ అంత తేలిక కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి వాటర్ ప్యూరిఫయర్లు సర్వీస్ చేసే ఒక కంపెనీలో కోఆర్డినేటర్ ఉద్యోగానికి ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లిందనుకుందాం. చివర్లో సర్వీస్ మేనేజర్ "మీరేమైనా అడగాలా?" అన్నాడు. జీతం, సెలవులు పక్కన పెట్టి ఆమె ఇలా అడిగింది: "సర్, ఇప్పుడు మీ టీమ్‌కి రోజూ తలనొప్పిగా ఉన్న పని ఏది?" మేనేజర్ వెంటనే చెప్పాడు. టెక్నీషియన్ అపార్ట్‌మెంట్ గేటు దాకా వెళ్తాడు. సెక్యూరిటీ లోపలికి పంపడు, కస్టమర్‌కి చేస్తే ఫోన్ ఎత్తరు. పావుగంట నిలబడి వెనక్కి వస్తాడు. సాయంత్రం అదే కస్టమర్ "మీవాళ్లు రానేలేదు" అని కంప్లయింట్ ఇస్తాడు.

మెయిల్‌కి కావలసిన సరుకంతా ఈ ఒక్క ప్రశ్నలోంచే వస్తుంది. అది అడగకపోతే ఊహించి రాయాల్సి వస్తుంది, ఊహించి రాసింది తప్పకుండా బయటపడుతుంది. ఆ అమ్మాయి చేసిన ఇంకో మంచి పని, లిఫ్ట్ దిగగానే మేనేజర్ అన్న మాటల్ని అన్నట్టుగానే ఫోన్‌లో రాసుకోవడం. ఇల్లు చేరేసరికి "కస్టమర్ ఫోన్ ఎత్తరు" అన్నది "కస్టమర్లు ఇంట్లో ఉండరు" అయిపోవచ్చు. ఆ రెండూ వేర్వేరు సమస్యలు, రెండింటికీ మందు ఒకటి కాదు.

మొదట ఆమెకు తట్టింది కొత్త యాప్. టెక్నీషియన్ ఎక్కడున్నాడో కస్టమర్‌కి మ్యాప్‌లో కనపడాలి. వినడానికి బాగుంటుంది కానీ దానికి డబ్బు, నెలల సమయం, పైవాళ్ల అనుమతి కావాలి. పైగా కంపెనీ దాన్ని ఇప్పటికే ఆలోచించి వదిలేసి ఉండొచ్చు. గంటసేపు కూర్చుని మాట్లాడిన మనిషి అంత పెద్ద మార్పు చెబితే, మా పని ఏం తెలుసని చెబుతోంది అనిపించడం సహజం.

రెండోసారి ఇంకాస్త దగ్గరగా ఆలోచించింది. ఫోన్ ఎందుకు ఎత్తరు? టెక్నీషియన్ చేసేది సొంత మొబైల్ నుంచి. కస్టమర్‌కి అది ముక్కూమొహం తెలియని నంబరు. లోన్ల వాళ్లేమో అనుకుని కట్ చేస్తారు. అలాంటప్పుడు ఏ నంబరు నుంచి ఫోన్ వస్తుందో అరగంట ముందు ఒక ఎస్సెమ్మెస్‌లో చెబితే చాలు కదా!

అదీ అనుకున్నంత చిన్నది కాదు. కంపెనీలు మన దేశంలో మూకుమ్మడిగా ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే, ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ సందేశం నమూనాను టెలికం కంపెనీల డీఎల్‌టీ వేదికపై ముందే నమోదు చేయించాలి. కొత్త సందేశమంటే కొత్త నమోదు. ఇలాంటి ఉద్యోగమే చేస్తున్న స్నేహితురాలు ఈ విషయం చెప్పాక ఆమె తన ఆలోచనను మరింత కుదించింది. మెయిల్ ఇంగ్లిషులోనే వెళ్లింది. తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంది:

"సర్, ఈరోజు నాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు. గేటు దగ్గర ఫోన్ ఎత్తక టెక్నీషియన్లు వెనక్కి వస్తున్నారని మీరు చెప్పిన విషయం ఇంటికి వచ్చాక కూడా ఆలోచించాను. కొత్త నంబరు కావడం వల్ల కొందరు ఎత్తడం లేదేమో. ఇద్దరు టెక్నీషియన్ల విజిట్లకు ఒక్క వారం పాటు, బయల్దేరే ముందు ఆఫీసు మొబైల్ నుంచి కస్టమర్‌కి వాట్సాప్‌లో టెక్నీషియన్ పేరు, ఫోన్ వచ్చే నంబరు చివరి 4 అంకెలు పంపి చూడవచ్చేమో. ఆ వారం వెనక్కి వచ్చిన విజిట్లు ఎన్ని, ముందు వారం ఎన్ని అని లెక్క చూస్తే పనికొస్తుందో లేదో తెలుస్తుంది. మీరు ఇది ఇప్పటికే ప్రయత్నించి ఉంటే, ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలని ఉంది."

అంతే. కింద పేరు, ఫోన్ నంబరు.

ఇందులో మెచ్చుకోవాల్సింది ఆ వాట్సాప్ ఆలోచన ఒక్కటే కాదు. అది రేపు ఉదయమే, ఎవరినీ డబ్బు అడగకుండా మొదలుపెట్టగల పని. నచ్చకపోతే వారంలో ఆపేయొచ్చు. పనిచేసిందో లేదో ఒక్క అంకె చెబుతుంది. సూచన చిన్నదో కాదో తేల్చుకోవడానికి ఈ మూడూ చూసుకుంటే సరిపోతుంది. "ఎత్తడం లేదేమో", "చూడవచ్చేమో" అన్న మాటలు కూడా మర్యాద కోసం పెట్టినవి కావు. ఆమెకు నిజంగానే తెలియదు, తెలియదన్న సంగతి దాచలేదు.

తప్పులు ఎక్కువగా జరిగేది పంపేటప్పుడు. మేనేజర్ నమ్మకంతో చెప్పిన లోపాన్ని హెచ్‌ఆర్‌కి, ప్యానెల్లో మిగతావాళ్లకి కలిపి పంపితే ఆయన ఇరుకున పడతాడు. మెయిల్ ఐడీ తెలియక హెచ్‌ఆర్ ద్వారానే పంపాల్సి వస్తే, "విజిట్ల సమన్వయం గురించి మనం మాట్లాడుకున్న విషయం" అని మెత్తగా రాయడం మేలు. ఆయన సొంత నంబరు ఎలాగో సంపాదించి వాట్సాప్ చేయడం మాత్రం అసలు వద్దు. ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తే ముగ్గురికీ ఒకే మెయిల్ పంపేవాళ్లున్నారు. ఆ ముగ్గురూ పక్కపక్క సీట్లలోనే కూర్చుంటారన్నది గుర్తుండాలి. ఆలస్యం కూడా పనికిరాదు. ఎంపిక గురించి ఒకటి రెండు రోజుల్లోనే మాట్లాడుకుంటారు కాబట్టి ఆ సాయంత్రమో మర్నాడు ఉదయమో పంపాలి.

ప్రభుత్వ ఉద్యోగాలకు ఈ పద్ధతి పనికిరాదు. సిఫారసు చేయించుకునే ప్రయత్నం ఏ రూపంలో చేసినా అనర్హులవుతారని చాలా నోటిఫికేషన్లలోనే ఉంటుంది. బోర్డు సభ్యులకు ధన్యవాదాలు పంపినా అలాగే అర్థం చేసుకునే ప్రమాదముంది. ప్రైవేటు కంపెనీల్లోనూ సరిగా జరగని ఇంటర్వ్యూని ఈ మెయిల్ నిలబెట్టలేదు. ఇద్దరు సమానంగా కనిపించినప్పుడు కాస్త మొగ్గు తేగలదు. టీమ్ ఏ కష్టమూ చెప్పకపోతే కల్పించి రాయకూడదు. అప్పుడు రెండు వాక్యాల ధన్యవాదాలు చాలు.

ఆలోచన తీసుకుని ఉద్యోగం ఇవ్వకపోతే? అది జరగవచ్చు. ఒక పేరా సూచనతో పోయేది పెద్దగా లేదు. పది రోజులు పట్టే ప్రణాళిక ఉచితంగా రాసివ్వమని కంపెనీయే అడిగితే అది వేరే సంగతి, అప్పుడు వెనకాడటంలో తప్పు లేదు.

మన ఉదాహరణలో మేనేజర్ మర్నాడు రెండు వాక్యాల్లో జవాబిచ్చాడనుకుందాం: "ఇది మేము చేసి చూశాం. ట్రాఫిక్ వల్ల మధ్యాహ్నానికి టెక్నీషియన్లు మారిపోతుంటారు, కస్టమర్‌కి తప్పు నంబరు వెళ్లేది." సూచన తేలిపోయిందని ఆమె బాధపడక్కర్లేదు. మారిన మనిషి పేరు ఆఫీసుకి ఎన్ని గంటలకు, ఎవరి ద్వారా తెలుస్తుందన్న ప్రశ్నతో ఆమె రెండో రౌండ్‌కి వెళ్తుంది.