వీపీఎఫ్ పెంచితే చేతికొచ్చేది ఎంత, పన్ను తగ్గేది ఎంత?

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి చాలా కంపెనీల్లో పేరోల్ విభాగం నుంచి ఉద్యోగులకు ఒక మెయిల్ వస్తుంది. ఈ ఏడాది ఏ పన్ను విధానంలో ఉంటారు, వీపీఎఫ్ ఏమైనా కట్టదలచుకున్నారా అని అందులో అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు రాసేసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. పీఎఫ్ ఎక్కువ కట్టించుకుంటే ఆ మేరకు పన్ను తగ్గుతుందనీ, చేతికొచ్చే జీతం పెద్దగా పడిపోదనీ ఆఫీసుల్లో గట్టి నమ్మకం ఉంది. పాత పన్ను విధానం ఒక్కటే ఉన్న రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. 2023-24 నుంచి, తానుగా పాత విధానం కోరుకోని ప్రతి ఉద్యోగికీ కొత్త విధానమే వర్తిస్తోంది. అక్కడ లెక్క వేరు.

ముందు వీపీఎఫ్ అంటే ఏమిటో చూద్దాం. బేసిక్, డీఏల మొత్తం మీద 12 శాతం ఉద్యోగి వాటాగా పీఎఫ్‌కు కోస్తారు. అది చాలదనుకున్న ఉద్యోగి తన ఇష్టంతో ఇంకా ఎక్కువ కట్టుకోవచ్చు. బేసిక్, డీఏ మొత్తాన్నీ కట్టినా అడ్డు లేదు. ఆ అదనపు సొమ్మే వీపీఎఫ్. దానికి వేరే ఖాతా ఉండదు. అదే పీఎఫ్ ఖాతాలో, అదే వడ్డీకి జమవుతుంది. యజమాని మాత్రం తన 12 శాతం దగ్గరే ఆగుతాడు. ఉద్యోగి ఎంత పెంచినా దానికి సమానంగా తానూ పెంచాల్సిన పని ఆయనకు లేదు.

హైదరాబాద్‌లో అద్దెకుంటున్న ఒక ప్రైవేటు ఉద్యోగినిని ఉదాహరణగా తీసుకుందాం. యజమాని పీఎఫ్ వాటా కాక ఆమె నెల జీతం 1,20,000 రూపాయలు. అందులో బేసిక్ 60,000. పీఎఫ్ కోత నెలకు 7,200, తెలంగాణ వృత్తి పన్ను 200. 2025-26 రేట్లతో లెక్క వేద్దాం. ఏడాది జీతం 14,40,000లో కొత్త విధానం ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను పడే ఆదాయం 13,65,000. దాని మీద సెస్సుతో కలిపి పన్ను 88,140, అంటే నెలకు 7,345. కోతలన్నీ పోగా ఆమె బ్యాంకు ఖాతాలో పడేది 1,05,255 రూపాయలు.

ఇప్పుడు ఆమె నెలకు 10,000 వీపీఎఫ్ పెట్టింది. పన్ను పడే ఆదాయం ఎంత తగ్గింది? ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ఉద్యోగి కట్టే పీఎఫ్‌కు గానీ వీపీఎఫ్‌కు గానీ కొత్త విధానంలో మినహాయింపు లేదు. జీతం ముందు ఆదాయంగా లెక్కకొస్తుంది, పన్ను తేలుతుంది, ఆ తర్వాతే పీఎఫ్‌కు వెళుతుంది. కాబట్టి టీడీఎస్ 7,345 దగ్గరే ఉంటుంది, చేతికొచ్చేది పూర్తిగా పదివేలు తగ్గి 95,255 అవుతుంది.

జీతం 13 లక్షల దరిదాపుల్లో ఉన్నవారు ఇక్కడే పొరబడుతున్నారు. ఇతర ఆదాయం లేని ఉద్యోగికి కొత్త విధానంలో 12,75,000 జీతం వరకు పన్ను లేదు. జీతం ఆ గీతకు కాస్త పైన ఉంటే, ఆ పైమొత్తాన్ని వీపీఎఫ్‌లో వేసి గీత కిందికి దిగుదామనుకుంటారు. అలా దిగడం కుదరదు. పీఎఫ్‌లో ఎంత వేసినా ఆదాయం ఆదాయంగానే ఉంటుంది.

ఇదే ఉద్యోగిని పాత విధానంలో ఉంటే? నెలకు 25,000 అద్దె కడుతోంది, కంపెనీ 24,000 హెచ్ఆర్ఏ ఇస్తోంది, ఏడాదికి 25,000 ఆరోగ్య బీమా ప్రీమియం ఉంది అనుకుందాం. హెచ్ఆర్ఏలో 2,28,000కు మినహాయింపు వస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, బీమా ప్రీమియం, 80సీ కింద తన పీఎఫ్ వాటా 86,400 కూడా తీసేస్తే పన్ను పడే ఆదాయం 10,48,200కు దిగుతుంది. సెస్సుతో పన్ను 1,32,038. చేతికొచ్చేది నెలకు సుమారు 1,01,597.

ఇక్కడ వీపీఎఫ్ పనిచేస్తుంది, అయితే ఒక హద్దు వరకే. 80సీ పరిమితి 1,50,000. మామూలు పీఎఫ్ అందులో 86,400 తినేసింది. మిగిలిన చోటు 63,600 రూపాయలు. ఆమె ఏడాదికి కట్టే 1,20,000 వీపీఎఫ్‌లో అంతవరకే మినహాయింపు దొరుకుతుంది. మిగతా 56,400కు పన్ను పరంగా లాభమేమీ లేదు. ఆదాయం 9,84,600కు, పన్ను 1,13,797కు తగ్గుతాయి. ఏడాదికి 18,241, నెలకు 1,520 మిగులు. అంటే పదివేలు కట్టినా చేతికొచ్చేది 8,480 మాత్రమే తగ్గి 93,117 అవుతుంది.

కొత్త విధానంలో పదివేలకు పదివేలూ పోయాయి, పాత విధానంలో ఎనిమిదిన్నర వేలే పోయాయి. ఈ ఒక్క పోలిక చూసి వీపీఎఫ్ కోసం పాత విధానం ఎంచుకునేవారున్నారు. వాళ్లు పక్కన పెట్టుకుని చూడాల్సింది తగ్గిన మొత్తాలను కాదు, చివరికి మిగిలిన జీతాలను. ఒకే వీపీఎఫ్ కట్టాక కొత్త విధానంలో చేతికొచ్చేది 95,255. పాత విధానంలో 93,117. పన్ను ఆదా కనిపించిన చోటే నెలకు రెండు వేలకు పైగా తక్కువ వస్తోంది. ఈమె విషయంలో మినహాయింపు లేని విధానమే చవక.

హెచ్ఆర్ఏ పెద్దదై, ఇతర మినహాయింపులూ బాగా ఉండి, పాత విధానమే లాభమని తేలినవారి మాటేమిటి? వాళ్లలో ఎక్కువమందికి ఎల్ఐసీ ప్రీమియం, పిల్లల స్కూలు ట్యూషన్ ఫీజు, ఇంటి రుణం అసలు వంటివి ఉంటాయి. ఇవన్నీ 80సీ కిందికే వస్తాయి. పీఎఫ్‌తో కలిపితే లక్షన్నర ఎప్పుడో నిండిపోతుంది. అలాంటివారికి పాత విధానంలో కూడా వీపీఎఫ్ వల్ల పన్ను తగ్గదు. పాత విధానం లాభించాలి, 80సీలో చోటూ మిగిలి ఉండాలి. ఈ రెండూ కలిసొచ్చే ఉద్యోగులు తక్కువే.

మరి కొత్త విధానంలో వీపీఎఫ్ దండగేనా? కాదు. అక్కడ మేలు కట్టేటప్పుడు దొరకదు, వడ్డీలో దొరుకుతుంది. 2023-24, 2024-25 రెండేళ్లకూ పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఉద్యోగి సొంత వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటనంత వరకు ఆ వడ్డీ మీద పన్ను లేదు. ఏ విధానంలో ఉన్నా ఇదే నియమం. మన ఉద్యోగిని పైమెట్టు పన్ను సెస్సుతో 15.6 శాతం. బ్యాంకు డిపాజిట్‌లో వేసి పన్ను కట్టాక 8.25 మిగలాలంటే, ఆ బ్యాంకు దాదాపు 9.8 శాతం వడ్డీ ఇవ్వాలి. వీపీఎఫ్ కట్టడానికి గట్టి కారణం ఇదే. పన్ను తగ్గించుకోవడానికని కాకుండా ఈ వడ్డీ కోసమని కడితే లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఆ రెండున్నర లక్షల గీత 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో మామూలు పీఎఫ్ వాటా, వీపీఎఫ్ రెండూ కలుస్తాయి. యజమాని వాటా కలవదు. మన ఉద్యోగినికి పీఎఫ్, వీపీఎఫ్ కలిపి ఏడాదికి 2,06,400 కాబట్టి ఇబ్బంది లేదు. నెలకు సుమారు 13,600 వరకు వీపీఎఫ్ పెంచినా గీత లోపలే ఉంటుంది.

జీతం పెరిగిందని వీపీఎఫ్‌ను నెలకు 20,000 చేసిందనుకుందాం. మామూలు పీఎఫ్‌తో కలిపి ఆమె వాటా 3,26,400కు చేరుతుంది. జనవరి జీతంలోనే గీత దాటేస్తుంది. పైన ఉన్న 76,400 పన్ను పడే భాగంగా వేరే లెక్కలోకి వెళుతుంది. దాని మీద వచ్చే వడ్డీకి ఆ ఒక్క ఏడాదే కాదు, ఆ సొమ్ము పీఎఫ్‌లో ఉన్నన్నాళ్లూ ఏటేటా పన్ను కట్టాలి. మరుసటి ఏడాది ఆ 76,400 మీద వడ్డీ దాదాపు 6,300, పన్ను వెయ్యి రూపాయల లోపే. చిన్న మొత్తమే అనిపిస్తుంది. ఇలాగే ఐదేళ్లు కడితే ఆ భాగంలో అసలే 3,82,000 అవుతుంది. దాని మీద ఏడాది వడ్డీ 31,000 దాటుతుంది. పన్ను పడే ఆదాయం తగ్గుతుందని మొదలుపెట్టిన వీపీఎఫ్, ఆ ఆదాయాన్ని ఏటా ముప్పై వేలకు పైగా పెంచే స్థితి వస్తుంది.

చిక్కేమిటంటే ఈ వడ్డీ ఫారం 16లోని జీతం లెక్కలో కనబడదు. కంపెనీ చెప్పదు. పన్ను పడే వడ్డీ ఏడాదికి 5,000 దాటితే పీఎఫ్ వాళ్లు 10 శాతం టీడీఎస్ కోస్తారు. ఆదాయ పన్ను పోర్టల్‌లోని ఏఐఎస్‌లో అది కనిపిస్తుంది. రిటర్నులో దాన్ని ఇతర ఆదాయం కింద ఉద్యోగే చూపాలి. 30 శాతం మెట్టులో ఉన్నవారికి ఆ టీడీఎస్ చాలదు, మిగతాది వేరుగా కట్టాల్సిందే. ఆ మెట్టులో గీత దాటిన సొమ్ము మీద పన్ను పోగా మిగిలే వడ్డీ 5.7 శాతానికి పడిపోతుంది.

వీపీఎఫ్ మొదలుపెట్టాక ఒకసారి ఈపీఎఫ్‌వో పాస్‌బుక్ తెరిచి చూడాలి. అందులో ప్రతి నెలకూ మూడు అంకెలుంటాయి. మన ఉద్యోగిని విషయంలో యజమాని 8.33 శాతం పెన్షన్ వాటాను చట్టం పెట్టిన 15,000 రూపాయల జీత పరిమితి మీదే లెక్కిస్తే, ఉద్యోగి వాటా 17,200, యజమాని వాటా 5,950, పెన్షన్ 1,250 ఉండాలి. ఉద్యోగి వాటా 7,200 దగ్గరే ఉండి జీతం స్లిప్పులో మాత్రం 17,200 కోత కనిపిస్తే వెంటనే పేరోల్‌ను అడగాలి. పాత విధానంలో ఉన్నవారు స్లిప్పు వెనక ఉండే పన్ను లెక్కలో 80సీ దగ్గర వీపీఎఫ్ చేరిందో లేదో కూడా చూసుకోవాలి. చేరకపోతే ఆ ఆదా నెలనెలా చేతికి రాదు. రిటర్ను వేశాక రీఫండ్‌గా వస్తుంది.

మధ్యలో ఆపుదామన్నా, తగ్గిద్దామన్నా కొన్ని కంపెనీలు ఆ ఆర్థిక సంవత్సరం పూర్తయ్యేదాకా ఒప్పుకోవు. ఏ నెలలో మార్చుకోవచ్చో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ఉద్యోగం మారితే పాత పీఎఫ్‌ను కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోవాలి, అప్పుడే పాత సర్వీసు కూడా కలుస్తుంది. అనారోగ్యం, కంపెనీ మూతపడటం వంటి కారణాలు లేకుండా ఐదేళ్ల సర్వీసు నిండకముందే సొమ్ము మొత్తం తీసుకుంటే, అంతదాకా పన్ను పడని వడ్డీ మీద కూడా పన్ను పడుతుంది. పాత విధానంలో 80సీ కింద మినహాయింపు వాడుకున్న ఏళ్లుంటే ఆ మినహాయింపూ వెనక్కి పోతుంది. కొత్త విధానంలో ఉద్యోగి కట్టిన అసలుకు ఈ బాధ లేదు, ఎందుకంటే ఆ సొమ్ము మీద పన్ను కట్టే సమయంలోనే కట్టేశారు.