బ్లాకు 70 శాతం, మరి రక్తం ఎంత?

యాంజియోగ్రామ్ గది తలుపు తెరుచుకోగానే బయట నిలబడ్డ ఇంటివాళ్ల చేతికి ముందుగా అందేది ఒక అంకె. "ఒక నాళంలో 60 శాతం, ఇంకోదాంట్లో 70 శాతం బ్లాకు ఉంది" అంటారు. 60 కంటే 70 ఎక్కువ ప్రమాదమని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ అంకె చెప్పేది నాళం ఎంత సన్నబడిందన్నది ఒక్కటే. ఆ సందు దాటి అవతలున్న గుండె కండరానికి రక్తం చాలుతోందా లేదా అన్నది అందులో ఉండదు. స్టెంట్ వెయ్యాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ రెండో ప్రశ్న మీదే నిలవాలి.

యాంజియోగ్రామ్ నిజానికి ఒక నీడ. నాళంలోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తే కనిపించేది రక్తం పారే దారి అంచులే. నాళం గుండ్రంగా కాక ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంటే ఒక కోణం నుంచి సన్నగా, ఇంకో కోణం నుంచి మామూలుగా కనిపిస్తుంది. పైగా ఈ శాతాన్ని లెక్కగట్టేది పక్కనే ఉన్న 'బాగున్న' భాగంతో పోల్చి. ఆ బాగున్న భాగం కూడా కొవ్వు పేరుకుని పొడవునా సన్నబడి ఉంటే పోలికే తప్పుతుంది.

అమెరికన్ వైద్యుడు లాన్స్ గౌల్డ్ బృందం 1974లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు అసలు సంగతిని బయటపెట్టాయి. గుండె నాళాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయారు. జంతువు విశ్రాంతిగా ఉన్నప్పుడు, వ్యాసం దాదాపు 85 శాతం తగ్గేదాకా రక్త ప్రవాహంలో తేడా రాలేదు. నాళాలను పూర్తిగా తెరుచుకునేలా చేసి ప్రవాహాన్ని గరిష్ఠానికి తీసుకెళ్లినప్పుడు మాత్రం, దాదాపు సగం బిగింపు దగ్గరే తగ్గుదల మొదలైంది. కారణం ఏమిటంటే, పెద్ద నాళం దాటాక కండరం లోపల కంటికి కనిపించనంత సన్నటి నాళాలు లెక్కలేనన్ని ఉంటాయి. పైన దారి ఇరుకైతే ఇవి విప్పారి ఆ లోటును సర్దుతాయి. మనిషి కూర్చున్నప్పుడు ఆ సర్దుబాటు చాలుతుంది. మెట్లెక్కేటప్పుడు కండరం మూడు నాలుగు రెట్లు రక్తం అడుగుతుంది. అప్పటికే విప్పారిపోయిన నాళాలు ఇంక విప్పారలేవు. ఛాతీ పట్టేసేది అప్పుడే.

కాబట్టి బ్లాకును విశ్రాంతిలో చూస్తే సరిపోదు, గుండె గరిష్ఠంగా రక్తం అడిగే స్థితిలో చూడాలి. న్యూక్లియర్ స్కాన్, ఎఫ్ఎఫ్ఆర్ అనే ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్ పరీక్ష, రెండూ చేసే పని ఇదే. మొదటిది బయటి నుంచి కండరాన్ని చూస్తుంది, రెండోది నాళంలోకే దిగి పీడనాన్ని కొలుస్తుంది.

ఎఫ్ఎఫ్ఆర్‌ను 1990ల్లో తీర్చిదిద్దినవారు నెదర్లాండ్స్‌కు చెందిన నీకో పైల్స్, బెల్జియంకు చెందిన బెర్నార్డ్ డి బ్రయ్న. వాడే పరికరం 0.36 మిల్లీమీటర్ల మందమున్న సన్నటి తీగ. దాని కొసకు సుమారు మూడు సెంటీమీటర్ల ఇవతల పీడనాన్ని గుర్తించే సెన్సర్ ఉంటుంది. చేతి మణికట్టు నుంచో తొడ నుంచో గైడ్ క్యాథెటర్‌ను గుండె నాళం మొదటిదాకా తెస్తారు. తీగను క్యాథెటర్ మూతి దగ్గర ఆపి, అక్కడ రెండింటి రీడింగులనూ సమానం చేస్తారు. ఆ తర్వాత తీగను బ్లాకు దాటించి అవతలికి పంపుతారు. పెద్ద నాళం బిగుసుకోకుండా నైట్రోగ్లిజరిన్ ఇచ్చి, సన్నటి నాళాలన్నీ విప్పారేలా అడెనోసిన్ ఎక్కిస్తారు. దీన్ని సిరలోకి ఎక్కించే మోతాదు కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాములు. ఛాతీలో బరువుగా, ఊపిరి అందనట్టుగా ఒకటి రెండు నిమిషాలు అనిపిస్తుంది. మందు ఆపగానే ఆ బాధ పోతుంది.

ఇప్పుడు బ్లాకు అవతలి సగటు పీడనాన్ని ఇవతలి సగటు పీడనంతో భాగిస్తారు. సన్నటి నాళాలు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు వాటి అడ్డు అతి తక్కువగా, స్థిరంగా ఉంటుంది. అందువల్ల పీడనాల నిష్పత్తినే ప్రవాహాల నిష్పత్తిగా తీసుకోవచ్చు. అడ్డేమీ లేని నాళంలో అది ఎవరికైనా 1. జవాబు 0.74 వచ్చిందంటే, ఆ బ్లాకు లేకపోతే అందాల్సిన గరిష్ఠ రక్తంలో 74 శాతమే అందుతోందని అర్థం. 0.80 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ బ్లాకు రక్తాన్ని ఆపుతున్నట్టే లెక్క.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. నడిస్తే ఛాతీ పట్టేస్తున్న ఒక 58 ఏళ్ల మనిషికి మూడు చోట్ల బ్లాకులు కనిపించాయనుకుందాం. గుండె ముందు గోడకు వెళ్లే ఎల్ఏడీలో 60 శాతం, ఎడమ పక్క నాళపు కొమ్మలో 70 శాతం, కుడి నాళంలో 55 శాతం. ఎల్ఏడీలో తీగ దించాక విశ్రాంతిలో ఇవతల 96, అవతల 88 వచ్చింది. నిష్పత్తి 0.92, చూడ్డానికి బాగానే ఉంది. అడెనోసిన్ పనిచేశాక ఇవతల 88, అవతల 65కు పడిపోయింది. అంటే 0.74, ఇది రక్తాన్ని ఆపుతున్న బ్లాకే. పక్క కొమ్మలోని 70 శాతం బ్లాకు దగ్గర 88కి 77 వచ్చింది, అంటే 0.88. కంటికి ఎక్కువ ఇరుకుగా కనిపించిన చోటే రక్తం సాఫీగా పోతోంది.

ఇందులో వింతేమీ లేదు. ఒకే వెడల్పున్న రెండు తూముల్లో ఒకదాని కింద వెయ్యి ఎకరాల ఆయకట్టు, ఇంకోదాని కింద యాభై ఎకరాలు ఉంటే నీటి కొరత ముందు ఎక్కడ తెలుస్తుందో రైతుకు చెప్పనక్కర్లేదు. ఎల్ఏడీ కింద గుండెలో పెద్ద భాగమే ఉంది, ఆ కొమ్మ కింద ఉన్నది చిన్న ముక్క.

కుడి నాళం సంగతే చిక్కు. అక్కడ 90కి 71, అంటే 0.79 వచ్చింది. గీతకు ఈ పక్కన పడింది కాబట్టి స్టెంట్ వెయ్యాలనిపిస్తుంది. అనుభవమున్న వైద్యులు ఇక్కడ తొందరపడరు. తీగను వెనక్కి లాగి క్యాథెటర్ మూతి దగ్గర మళ్లీ చూస్తారు. అక్కడ రెండు రీడింగులూ ఒకటే ఉండాలి. ఈ ఉదాహరణలో క్యాథెటర్ 90 చూపిస్తుంటే తీగ 86 చూపించింది. పరీక్ష జరుగుతుండగానే సెన్సర్ జారింది, ఉన్నదానికంటే నాలుగు తక్కువ చెబుతోంది. రెండింటినీ మళ్లీ సమానం చేసి కొలిస్తే 90కి 75, అంటే 0.83. ఆ బ్లాకుకు స్టెంట్ అవసరం లేదు. అర నిమిషం పట్టే ఈ సరిచూపు లేకపోతే, అక్కర్లేని లోహపు గొట్టం ఒకటి ఆ మనిషి గుండెలో జీవితాంతం ఉండిపోయేది.

తప్పు ఇంకో వైపుకూ జరగవచ్చు. అడెనోసిన్ సరిగ్గా ఎక్కకపోయినా, గైడ్ క్యాథెటర్ నాళం మూతిలో ఇరుక్కుని రక్తాన్ని తానే అడ్డుకున్నా, ప్రవాహం గరిష్ఠానికి చేరదు. అప్పుడు నిజమైన బ్లాకు కూడా తేలిగ్గా కనిపిస్తుంది.

ఈ అంకెను నమ్మవచ్చా అన్నది తేల్చడానికి తొలినాళ్లలో కొలబద్దగా వాడిన పరీక్షల్లో న్యూక్లియర్ స్కాన్ ఒకటి. పైల్స్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఓ మోస్తరు బ్లాకు ఉన్న 45 మందికి ఎఫ్ఎఫ్ఆర్‌తో పాటు వ్యాయామ పరీక్ష, థాలియం స్కాన్, మందుతో చేసే స్ట్రెస్ ఎకో చేశారు. ఎఫ్ఎఫ్ఆర్ 0.75 కంటే తక్కువ వచ్చిన 21 మందిలో ప్రతి ఒక్కరికీ ఆ మూడింటిలో కనీసం ఒక పరీక్ష రక్తం చాలడం లేదని చూపించింది. మిగిలిన 24 మందిలో 21 మందికి అన్ని పరీక్షలూ మామూలుగానే వచ్చాయి. గీతను 0.80కి జరిపింది తర్వాతి కాలంలో.

మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది 'థాలియం టెస్ట్' అనే పిలిచే ఆ స్కాన్‌లో ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం. దాని సగం ఆయువు ఆరు గంటలు. రోగి ట్రెడ్‌మిల్ మీద శక్తికొద్దీ నడిచి, గుండె వేగం పైకి చేరాక సూది మందు ఇస్తారు. మందు ఎక్కాక ఇంకో నిమిషం నడవమంటారు. ఎక్కడ రక్తం ఎక్కువ పారుతోందో అక్కడి కండర కణాలు ఆ మందును ఎక్కువగా పీల్చుకుని గట్టిగా పట్టుకుంటాయి. అందుకే అరగంటో గంటో ఆగి, రోగి తీరిగ్గా పడుకున్నాక ఫొటోలు తీసినా కనిపించేది నడుస్తున్నప్పటి రక్త ప్రవాహమే. విశ్రాంతిలో ఇంకోసారి మందిచ్చి మళ్లీ తీస్తారు. నడిచినప్పుడు మసకబారిన చోటు విశ్రాంతిలో మళ్లీ వెలిగితే, అక్కడి కండరం బతికే ఉంది, శ్రమలో రక్తం చాలడం లేదు. రెండుసార్లూ మసకగానే ఉంటే పాత గుండెపోటు మచ్చ కావచ్చు. నడవలేనివారికి అడెనోసిన్ లాంటి మందు ఇస్తారు. కాఫీ, టీలలోని కెఫీన్ ఆ మందును పనిచెయ్యనివ్వదు కాబట్టి ముందురోజు నుంచే మానెయ్యమంటారు. పొద్దున్నే అలవాటుగా తాగిన ఒక్క కప్పు కాఫీ వల్ల ఉన్న లోపం కనబడకుండా పోవచ్చు.

మసక కనిపించిన ప్రతిచోటా రోగం ఉందనుకోవడానికీ లేదు. మగవారిలో డయాఫ్రమ్, ఆడవారిలో రొమ్ము అడ్డుపడి గుండె గోడ నుంచి వచ్చే కిరణాలను తగ్గిస్తాయి. ఆ చోటు రెండు ఫొటోల్లోనూ ఒకేలా మసకగా ఉండి, గోడ మాత్రం చక్కగా కదులుతుంటే అది మచ్చ కాదని నిపుణులు పోల్చుకుంటారు. బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీసినా తేలిపోతుంది.

అసలు భయపడాల్సిన లోపం వేరే ఉంది. ఈ స్కాన్ కండరంలో అన్నిటికంటే వెలుగుగా ఉన్న భాగంతో మిగతావాటిని పోలుస్తుంది. మూడు నాళాల్లోనూ ఒకే స్థాయిలో బ్లాకులుంటే అంతటా సమానంగా రక్తం తగ్గుతుంది, పోల్చడానికి బాగున్న భాగమే మిగలదు. గుండె జబ్బు తీవ్రంగా ఉన్న మనిషికే మామూలు రిపోర్టు రావచ్చు. నడిచేటప్పుడు రక్తపోటు పెరగాల్సింది పోయి పడిపోవడం, ఈసీజీలో మార్పులు, నడిచాక తీసిన ఫొటోలో గుండె గది ఉబ్బి కనిపించడం లాంటివి దాన్ని పట్టిస్తాయి. ఒక గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో నేరుగా లెక్కించే పెట్ స్కాన్‌లకు ఈ ఇబ్బంది చాలా తక్కువ.

స్టెంట్ల సంఖ్య మీద ఎఫ్ఎఫ్ఆర్ ప్రభావం ఎంతన్నది 'ఫేమ్' పరిశోధనలో తేలింది. ఒకటికి మించి నాళాల్లో బ్లాకులున్న 1005 మందిని రెండు గుంపులు చేశారు. యాంజియోగ్రామ్ చూసి వేసిన గుంపులో మనిషికి సగటున 2.7 స్టెంట్లు పడ్డాయి, ఎఫ్ఎఫ్ఆర్ కొలిచి వేసిన గుంపులో 1.9. ఏడాది లోపు మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స అవసరం కావడం అన్నీ కలిపి మొదటి గుంపులో 18.3 శాతం, రెండో గుంపులో 13.2 శాతం. వీరి బ్లాకులను విడదీసి చూస్తే, కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించినవాటిలో నిజంగా రక్తాన్ని ఆపుతున్నవి 35 శాతమే. 71 నుంచి 90 శాతంగా కనిపించినవాటిలో కూడా అయిదింట ఒకటి ఆపడం లేదు.

గుండెపోటు జరుగుతున్నప్పుడు, దానికి కారణమైన నాళంలో మాత్రం ఈ కొలత పనికిరాదు. అప్పుడు సన్నటి నాళాలే దెబ్బతిని విప్పారలేవు, అంకె ఉన్నదానికంటే మెరుగ్గా వస్తుంది. అలాంటి చోట నాళాన్ని వెంటనే తెరవడమే చెయ్యాల్సిన పని.

స్టెంట్ వెయ్యకుండా వదిలేసిన బ్లాకు తర్వాత ముంచుతుందేమో అన్న భయం చాలా ఇళ్లలో ఉంటుంది. 'డిఫర్' అనే పరిశోధన దీన్నే పరీక్షించింది. ఎఫ్ఎఫ్ఆర్ 0.75 లేదా అంతకు పైన వచ్చిన స్థిరమైన రోగులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి చికిత్స చేశారు, కొందరికి మందులతో సరిపెట్టారు. 15 ఏళ్ల తర్వాత చూస్తే చికిత్స చేయించుకున్నవారిలో 10 శాతం మందికి, వదిలేసినవారిలో 2.2 శాతం మందికి గుండెపోటు వచ్చింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పై ఉదాహరణలోని మనిషి ఎల్ఏడీలో ఒక్క స్టెంట్‌తో ఇంటికి వెళతాడు. మిగిలిన రెండు చోట్లా కొవ్వు అలాగే ఉంది కాబట్టి స్టాటిన్, ఆస్పిరిన్ వేసుకోవడం, పొగ మానడం, బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం ఆ రెండు బ్లాకులకు అందే చికిత్స. మళ్లీ ఛాతీలో నొప్పి మొదలైతే పాత అంకె చెల్లదు, కొత్తగా కొలవాల్సిందే.