మధ్య ఊరి వంతు ముందు

1962లో రాబర్ట్ ఫ్లాయిడ్ ప్రచురించిన పద్ధతి ప్రతి ఊళ్ల జంటనూ అడిగేది ఒకటే: ఫలానా ఊరి మీదుగా వెళ్తే దూరం తగ్గుతుందా?

పట్టికలో హైదరాబాద్–సూర్యాపేట 135, సూర్యాపేట–విజయవాడ 140, విజయవాడ–గుంటూరు 35 కిలోమీటర్లు మాత్రమే ఉన్నాయనుకుందాం. మిగతా గళ్లలో అనంతం. సూర్యాపేట వంతులో హైదరాబాద్–విజయవాడ గడికి 275 వస్తుంది. విజయవాడ వంతులో దానికి 35 కలిసి, హైదరాబాద్–గుంటూరు 310 అవుతుంది.

దారికి రెండో పట్టిక కావాలి. అందులో ప్రతి గడీ ‘తర్వాతి ఊరు’ చెబుతుంది. 310 పడగానే, హైదరాబాద్–విజయవాడ గడిలోని సూర్యాపేటే ఇక్కడికీ వస్తుంది. సూర్యాపేట నుంచి మళ్లీ గుంటూరుకు తర్వాతి ఊరేదో చూస్తే విజయవాడ.

చాలామంది తడబడేది లూపుల వరుసలోనే. మధ్య ఊరి లూపు అన్నిటికంటే బయట ఉండాలి. దాన్ని లోపల పెట్టి, వరుసలో గుంటూరును విజయవాడకు ముందు రాస్తే, ఆ గడిని చూసేనాటికి 275 ఇంకా పుట్టదు, అనంతమే మిగులుతుంది.